పాళీ మీద రాత, మూత లోపలి గుట్టు: మొదటి ఇంకు పెన్నును గుర్తుపట్టడం ఎలా

చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర ఒక పెన్నుల దుకాణంలో గాజుబల్ల మీద పరిచిన ఇంకు పెన్నులను ఒక్కొక్కటే తీసి పాళీ చూస్తే, రంగులోనూ ధరలోనూ పొంతన లేని అయిదారు పెన్నుల మీద ‘ఇరిడియం పాయింట్ జర్మనీ’ అనే ఒకే మాట కనిపిస్తుంది. కొండితోపులో ఉండే మా అన్నయ్య కూతురు ఈ ఏడు బీకాంలో చేరింది. బాల్ పెన్నుతో గంటల తరబడి రాస్తే వేళ్లు నొప్పి పెడుతున్నాయని ఇంకు పెన్నుకు మారాలనుకుంది. ఆన్‌లైన్‌లో కొన్నది ఒకటి, వాళ్ల తాతయ్యది ఒకటి, స్నేహితురాలి దగ్గర అరువు తెచ్చింది ఒకటి, మొత్తం మూడు పెన్నులు బల్ల మీద పెట్టి, “బాబాయ్, వీటిలో నిజంగా జర్మనీది ఏది?” అని అడిగింది. ఆ మూడు పెన్నుల దగ్గరకు తరువాత వస్తాను. ముందు పాళీ మీది రాత దేని గురించి చెబుతుందో, దేని గురించి చెప్పదో తెలియాలి.

పాళీ మీది రాత చెప్పేది పాళీ సంగతే

ఇంకు పెన్నులో పాళీ, దాని కింద ఇంకును మొన దాకా తెచ్చే ఫీడ్, పట్టుకునే భాగం, ఇంకు నిలిచే గొట్టం, మూత అనేవి విడివిడి భాగాలు. వీటన్నిటినీ ఒకే కంపెనీ తయారు చేయాలన్న నియమం లేదు, చాలామంది చేయరు కూడా. పాళీ తయారీకి ప్రత్యేకమైన యంత్రాలు, చేతి పనితనం కావాలి గనుక, పెన్నుల కంపెనీల్లో ఎక్కువ భాగం పాళీని బయట కొని బిగించుకుంటాయి. జర్మనీలో హైడెల్‌బర్గ్‌లోని బాక్, బెర్లిన్‌లోని యోవో, సాంక్ట్ గేయోర్గెన్‌లోని ష్మిట్ ఇలా ఇతరులకు పాళీలు అమ్మే సంస్థలు. మన దేశంలో కాన్పూరులో కాన్‌రైట్ ఉంది. కొనే కంపెనీ కోరితే ఆ పాళీల మీద దాని సొంత పేరునే చెక్కి ఇస్తారు. కాబట్టి పాళీ మీద ఒక పెన్ను కంపెనీ పేరు ఉన్నంత మాత్రాన ఆ పాళీ ఆ కంపెనీలోనే పుట్టిందని అనుకోనక్కరలేదు. అదే విధంగా పాళీ మీద ఒక దేశం పేరు ఉంటే పెన్ను మొత్తం ఆ దేశానిదని కూడా అనుకోకూడదు.

పాళీ మీద సాధారణంగా నాలుగు రకాల సమాచారం ఉంటుంది: ఒక పేరు లేదా గుర్తు, గీత ఎంత లావో చెప్పే అక్షరం, లోహం వివరం, ఒక ఊరో దేశమో. ఈ నాలుగింటిలో విద్యార్థికి నిజంగా పనికొచ్చేది రెండోది. మోసానికి ఎక్కువగా ఆస్కారం ఇచ్చేవి మూడోది, నాలుగోది.

‘ఇరిడియం పాయింట్ జర్మనీ’ అంటే ఏమిటి

మెత్తని బంగారమైనా, స్టీలైనా కాగితం మీద రోజూ రాపిడి పడితే అరిగిపోతుంది. అందుకే పాళీ మొనకు చాలా గట్టి లోహం గింజను అతికి, ఆ గింజను మధ్యకు చీల్చి, నునుపు చేస్తారు. 1803లో కనుగొన్న ఇరిడియం అనే లోహం, ఆస్మియంతో కలిసి సహజంగా దొరికే మిశ్రమ రూపంలో, 19వ శతాబ్దంలో ఈ గింజకు వాడుకలోకి వచ్చింది. అప్పటి నుంచి మొన గింజకు ‘ఇరిడియం’ అనే పేరే స్థిరపడిపోయింది. నేటి గింజల్లో రుథేనియం, ఆస్మియం, రెనియం, టంగ్‌స్టన్ వంటివి ఉంటాయి, ఇరిడియం చాలా తక్కువగా ఉంటుంది లేదా అసలే ఉండదు. సీసపు ముక్క లేకపోయినా పెన్సిల్లో ఉన్నదాన్ని ‘లెడ్’ అంటున్నట్టే ఇదీ.

కాబట్టి ‘ఇరిడియం పాయింట్’ అంటే ‘మొనకు గట్టి గింజ ఉంది’ అని మాత్రమే అర్థం. ఇక ‘జర్మనీ’ అన్న మాట మొదట్లో నిజంగానే జర్మనీ సరుకును సూచించి ఉండవచ్చు గానీ, ఇప్పుడు ఎక్కడ తయారైన పాళీ మీదైనా కనిపిస్తోంది. చైనా పాళీల మీద అది మామూలు. అది ఒక కంపెనీ పేరు కాదు, ఒక మోడల్ పేరు కాదు. ఎవరి పేరూ లేకుండా ఈ మాట ఒక్కటే ఉన్న పాళీని ‘పేరు లేని పాళీ’ అనుకోవడమే సరైన పఠనం.

ఇక్కడ ఇద్దరి వాదనలు వినాలి. పెన్నులు సేకరించేవారిలో చాలామంది, ఇలాంటి పాళీ ఉన్న పెన్ను జోలికే పోవద్దంటారు. తయారీదారు తన పేరు చెప్పుకోవడానికి ఇష్టపడని వస్తువుకు ఎవరు పూచీ అన్నది వారి ప్రశ్న. పాళీలు సరిచేసి ఇచ్చే పనివాళ్లు దీనికి ఒప్పుకోరు. రాసేది మొన గానీ పేరు కాదు, చీలిక సూటిగా ఉండి రెండు సగాలూ సమంగా ఉంటే పేరు లేని పాళీ కూడా ఏళ్ల తరబడి రాస్తుంది అంటారు. చేత్తో తిప్పి చేసే మన పెన్నుల్లో చాలావాటికి బయటి పాళీలు పెట్టడం మామూలే గనుక, అలాంటి పెన్ను మీద ఈ మాట కనిపిస్తే దాన్ని మోసమని కొట్టిపారేయడం న్యాయం కాదని కూడా వారి మాట. నాకు తోచేది ఇది: దుకాణంలో ఇంకులో ముంచి రాసి చూసే వీలుంటే రెండో వాదన నిలుస్తుంది, ఫొటో చూసి కొనేవారికి మొదటి వాదనే క్షేమం.

గింజ ఉందో లేదో మాట మీద ఆధారపడకుండా చూడవచ్చు. పాళీని పక్క నుంచి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, ఫోను కెమెరాను దగ్గరగా తెచ్చి ఫొటో తీసి పెద్దది చేయండి. మొన చివర ఆవగింజ కన్నా చిన్నదిగా, మిగతా పాళీ మెరుపుకు భిన్నమైన బూడిదరంగు ఉబ్బు కనిపిస్తే అది అతికిన గింజ. అలా కాకుండా పాళీ రేకే చివర కిందికి మడిచినట్టు, చెంచా అంచులా కనిపిస్తే, గింజ లేదు, రేకునే వంచి నునుపు చేశారన్నమాట. అది కొన్నాళ్లు బాగానే రాసి, తరువాత ఒక పక్కకు అరిగి గీకడం మొదలుపెడుతుంది.

లోహం రాతలు: 585, 750, కేజీపీ

ఇది త్వరగా తేలిపోయే సంగతి. బంగారం స్వచ్ఛతను 24 పాళ్లలో లెక్కిస్తారు గనుక 14 క్యారెట్ల పాళీ మీద ‘14కె’తో పాటు వెయ్యికి ఎన్ని పాళ్లో చెప్పే ‘585’ అనే అంకె, 18 క్యారెట్ల పాళీ మీద ‘750’ ఉంటాయి. ‘18కేజీపీ’ అని ఉంటే చివరి రెండు అక్షరాలు బంగారు పూత అని చెబుతున్నాయి. లోపల ఉన్నది స్టీలే. చైనా కంపెనీ జిన్‌హావ్ వారి కొన్ని పెన్నుల పాళీల మీద గుర్రపు బండి బొమ్మతో పాటు ఈ రాతే ఉంటుంది. అందులో అబద్ధం లేదు, చదివేవారు చివరి రెండు అక్షరాలను వదిలేయడమే సమస్య. అయస్కాంతంతో పరీక్షించమని కొందరు సలహా ఇస్తారు గానీ, అయస్కాంతానికి అంటని స్టెయిన్‌లెస్ స్టీలు రకాలు ఉన్నాయి గనుక అది నమ్మదగిన పరీక్ష కాదు. మొదటి పెన్ను వెతికే విద్యార్థికి బంగారు పాళీ అవసరం లేదు, మంచి స్టీలు పాళీ చాలు.

‘ఎఫ్’ అంటే ఎంత సన్నం? తెలుగు అక్షరంతో కొలిచి చూద్దాం

పాళీ మీద ‘ఈఎఫ్’ ఉంటే బాగా సన్నం, ‘ఎఫ్’ సన్నం, ‘ఎం’ మధ్యరకం, ‘బి’ లావు. ఈ అక్షరాలకు ప్రపంచమంతటికీ ఒకటే కొలత ఉందనుకుంటే పొరపాటు. చైనా నుంచి వచ్చిన ఎన్నో గీతల లిపి అక్షరాలను చిన్న గడుల్లో రాయాల్సిన జపానులో పాళీలు మొదటి నుంచీ సన్నగా చెక్కుతారు. అందువల్ల జపాను ‘ఎం’ సుమారుగా ఐరోపా ‘ఎఫ్’కు సరిపోతుంది. ఐరోపా ‘ఎఫ్’ గీత సుమారు 0.6 మిల్లీమీటర్లు, ‘ఎం’ సుమారు 0.8 అనుకోవచ్చు. జపాను ‘ఎఫ్’ సుమారు 0.4. జపానుకు చెందిన ప్లాటినం అనే కంపెనీ తన చవక పెన్ను ప్రెపీ పాళీ మీద అక్షరానికి తోడు ‘03’, ‘05’ అని అంకెలే వేస్తుంది. అవి మిల్లీమీటరులో పదో వంతులు చెప్పే నామమాత్రపు కొలతలు. ఇంకూ కాగితమూ మారితే గీత మందం మారుతుంది.

ఇంగ్లీషు రాసేవారికి ఈ తేడా కేవలం అభిరుచి. తెలుగు రాసేవారికి ఇది చదవగలగడానికి సంబంధించిన సంగతి. మన ‘కి’కీ ‘కీ’కీ మధ్య తేడా అంతా గుడిదీర్ఘం చివర తిరిగే చిన్న మెలికలోనే ఉంది. గీతల నోటుపుస్తకంలో వరుసకూ వరుసకూ మధ్య ఎడం సుమారు 8 మిల్లీమీటర్లు. అందులోనే పైన గుడి, మధ్యన అక్షరం, కింద ఒత్తు ఇమడాలి. మామూలు చేతిరాతలో ఆ మెలిక బయటి అంచు నుంచి బయటి అంచుకు 1.5 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. గీత ఎడమ పక్క ఒకసారి, కుడి పక్క ఒకసారి పడుతుంది గనుక, 0.8 మిల్లీమీటర్ల పాళీకి రెండు గీతలూ కలిపి 1.6 అవుతాయి. అంటే మెలికలో తెల్లని చోటు ఏమీ మిగలదు, అది నల్లని చుక్కగా మారుతుంది. 0.6 పాళీకి 0.3 మిల్లీమీటర్ల సందు మిగులుతుంది, మంచి కాగితం మీద కనిపిస్తుంది గానీ ఇంకు పీల్చే కాగితం మీద మూసుకుపోతుంది. 0.4 పాళీకి 0.7 మిగులుతుంది. ‘లక్ష్మీకాంతం’ అనే ఒక్క మాట రాసి చూస్తే ఒత్తు, గుడిదీర్ఘం, సున్నా అన్నీ ఒకేసారి తేలిపోతాయి. కాగితాలు చేతిలో పెట్టుకుని దుకాణానికి వెళ్లేవారికి నేను చెప్పే పరీక్ష మాట ఇదే.

అయితే సన్నటి పాళీకి కూడా ఖర్చు ఉంది. మొన వెడల్పు తగ్గేకొద్దీ కాగితపు గరుకు చేతికి ఎక్కువగా తెలుస్తుంది, కాస్త వంకరగా పట్టుకున్నా గీకుతుంది. బాల్ పెన్నుకు అలవాటుపడి నొక్కి రాసేవారు మొదటి వారంలోనే సన్నటి పాళీ రెండు సగాలనూ విడదీసేసే ప్రమాదం ఉంది.

మూత: బయట ఆనవాలు, లోపల అసలు పని

మూత మీది ఆకారాలు కంపెనీల పాత సంతకాలు. బాణం ఆకారపు క్లిప్పు 1933 నుంచి పార్కర్ గుర్తు. మూత మీద లేదా క్లిప్పు మీద చిన్న తెల్లని చుక్క షేఫర్‌ది. కొంగముక్కు లాంటి క్లిప్పు పెలికన్‌ది. మూత కొసన గుండ్రని మూలల తెల్లని నక్షత్రం మాంట్‌బ్లాంక్‌ది, దాని ప్రసిద్ధ పెన్ను పాళీ మీద ఉండే 4810 ఆ కంపెనీకి పేరిచ్చిన పర్వతం ఎత్తుగా చెప్పుకునే మీటర్ల అంకె. పెద్ద కాగితపు క్లిప్పులా వంచిన లావుపాటి తీగ, మూత కొసన ఒకదానికొకటి అడ్డంగా రెండు గాట్లు ఉంటే 1980లో వచ్చిన లామీ సఫారీ. పాళీని చూస్తే మొన తప్ప ఏమీ కనిపించకుండా గొట్టంలో దాగి ఉండే హీరో పెన్నుల వంటివాటికి మూత మీది రాత ఒక్కటే ఆధారం, పాళీ మీద చదవడానికి ఏమీ ఉండదు.

ఈ ఆనవాళ్లన్నిటినీ కాపీ కొట్టడం సులువు. పైగా పాత పెన్నుల్లో మూతలు తారుమారవుతుంటాయి. కాబట్టి మూత ఒక పేరు, పాళీ ఇంకో పేరు చెబితే మూడు సంభావ్యతలు ఉంటాయి: కంపెనీయే బయటి పాళీ పెట్టింది, ఎవరో పాళీ పాడైతే కొత్తది వేశారు, లేదా మూతే మరో పెన్నుది. మూడింటిలో ఏదో తేల్చకుండా నకిలీ అనేయడం తొందరపాటు.

విద్యార్థికి మూత బయటి కన్నా లోపలే ముఖ్యం. ఇంకు పెన్ను మొనలో నీటి ఇంకు ఎప్పుడూ తడిగా నిలిచి ఉండాలి, గాలి తగిలితే నీరు ఆవిరై రంగు చీలికలో గడ్డకడుతుంది. అందుకే మంచి మూతలో ఇంకో చిన్న మూత ఉంటుంది, అది పెన్ను పట్టుకునే భాగం అంచుకు ఆనుకుని పాళీని బిగువైన గదిలో పెడుతుంది. ఫోను టార్చి మూతలోకి వేసి చూస్తే, గోడకు లోపలగా మరో గొట్టం అంచు కనిపించాలి. ప్రెపీ పారదర్శకమైన మూతలో ఈ లోపలి మూతను ఒక స్ప్రింగు పాళీ మీదికి నెట్టడం బయటి నుంచే కనబడుతుంది.

మూతను పెదవులకు ఆనించి ఊదితే గాలి బయటికి రాకూడదని ఒక పాత పరీక్ష ఉంది. అది సగమే నిజం. పిల్లలు మింగితే ఊపిరి ఆడాలని కొన్ని మూతల కొసన కావాలనే రంధ్రం పెడతారు, లోపలి మూత విడిగా ఉన్నప్పుడు గాలి దాని చుట్టూ తిరిగి ఆ రంధ్రం గుండా పోతుంది, పాళీ గది మాత్రం బిగువుగానే ఉంటుంది. ఊదితే గాలి రాకపోతే మూత మంచిదే, వస్తే మాత్రం టార్చితో లోపల చూశాకే తీర్పు చెప్పాలి. తిరుగులేని పరీక్ష కాలంతో చేసేది: శుక్రవారం సాయంత్రం ఇంకు నింపి, మూత పెట్టి, అడ్డంగా పడుకోబెట్టి, సోమవారం పొద్దున విదిలించకుండా రాయాలి. మొదటి అక్షరానికే ఇంకు వస్తే లోపలి మూత పని చేస్తున్నట్టు.

మూత అంచున ఉండే లోహపు పట్టీని చాలామంది అలంకారం అనుకుంటారు. మరతో బిగించే మూతను రోజూ తిప్పినప్పుడు ఒత్తిడంతా ఆ అంచు మీదే పడుతుంది, పట్టీ లేని ప్లాస్టిక్ మూత అక్కడే నిలువుగా పగులుతుంది. లెక్చర్‌లో మాటిమాటికీ తీసి పెట్టేవారికి నొక్కుడు మూత చేతికి సులువు, సంచిలో పడేసి తిరిగేవారికి మర మూత నమ్మకం.

మూడు పెన్నులు చదివి చూద్దాం

ఆన్‌లైన్‌ది బరువైన లోహపు పెన్ను. పాళీ మీద ‘ఇరిడియం పాయింట్ జర్మనీ’, అక్షరం లేదు, పేరు లేదు. క్లిప్పు బాణం లాంటిది, అయితే ఈక గీతలు సరిగ్గా తేలలేదు, మూత పట్టీ మీద ఏ రాతా లేదు. ఫొటోలో మొన గింజ చక్కగా కనిపించింది, చీలిక సూటిగా ఉంది. ‘లక్ష్మీకాంతం’ రాస్తే గుడిదీర్ఘం మెలిక నిండిపోయింది, అంటే అక్షరం లేకపోయినా దాదాపు ‘ఎం’ లావు. మూతలో టార్చి వేస్తే ఇత్తడి గొట్టం తప్ప లోపలి మూత లేదు. సోమవారం పొద్దున దాన్ని కుళాయి కింద తడిపితే గానీ రాయలేదు. పాళీకి ఏ లోపమూ లేదు, లోపం మూతది. అమ్మకపు పేజీలో మాత్రం పాళీ గురించే పొగిడారు.

తాతయ్యది రాజమండ్రిలో కొన్న నల్లని ఎబొనైట్ పెన్ను. గట్టిపరచిన రబ్బరైన ఎబొనైట్ వెలుతురూ తేమా తగిలిన చోట ఏళ్ల మీద గోధుమరంగుకు తిరుగుతుంది. మూత తీసి చూస్తే దాని కింద దాగిన మరల భాగం ఇంకా కాటుక నలుపులో ఉంది, గొట్టం బయటి భాగం, మూత రెండూ ఒకేలా వెలిశాయి. ఇద్దరూ కలిసి ముసలివారైనట్టే, అంటే మూత మారలేదు. పాళీ మాత్రం గీతల్లేకుండా మెరుస్తోంది, మొన నునుపుగా ఉంది, దాని వయసు పెన్ను వయసు కాదు. ఎప్పుడో మార్చి ఉంటారు. మూత మూడు తిప్పులకు వస్తుంది, సోమవారం పొద్దున మొదటి అక్షరానికే రాసింది. గొట్టంలోకే నేరుగా ఇంకు పోసే రకం గనుక ఒకసారి నింపితే వారాలు వస్తుంది. సగం ఖాళీ అయ్యాక చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి అప్పుడప్పుడూ ఒక బొట్టు వదులుతుంది, అది ఈ రకానికి సహజం. పరీక్ష హాల్లో జవాబు పత్రం మీద ఆ బొట్టు పడితే మాత్రం సహజమని ఊరుకోలేం.

అరువు తెచ్చింది జపాను ప్లాస్టిక్ పెన్ను. పాళీ మీద ‘03’, కంపెనీ పేరు, మూతలో స్ప్రింగు. ‘లక్ష్మీకాంతం’లో ప్రతి మెలికా విడివిడిగా తేలింది, కాకపోతే మా వాళ్లు ఇంట్లో వాడే చవక నోటుపుస్తకం మీద కాస్త గీకింది. బ్యాగులో వారం రోజులు మరిచిపోయాక కూడా వెంటనే రాసింది.

“అయితే జర్మనీది?” అని ఆ అమ్మాయి మళ్లీ అడిగింది. ఈ మూడింట్లో జర్మనీదని చెప్పడానికి ఆధారం ఉన్నది ఒక్కటీ లేదు. చివరికి ఆ జపాను రకంలోనే ‘05’ కొనుక్కుంది, మెలిక మూసుకోకుండా, గీకకుండా ఉండే మధ్య దారి తనకు అదే అని. ఆన్‌లైన్ పెన్ను పాళీని బయటికి లాగి కడిగి, అదే సైజు గాడి ఉన్న మరో పెన్ను దొరికితే వేసుకోవచ్చని ఒక డబ్బీలో దాచాం. పాళీ మంచిదే కదా.